ఫలితం గడి ఖాళీగా వదలొద్దు

పొదిలిలో ఏ జిరాక్స్ షాపుకెళ్లినా గ్రూప్-2 చరిత్ర టైమ్‌లైన్ ఒకటి దొరుకుతుంది. తేదీ, సంఘటన, కారణం, ఫలితం అని నాలుగు గడులు ఉంటాయి. మొదటి రెండూ నిండుగా ఉంటాయి. మూడోదాంట్లో ఒక ముక్క, నాలుగోదాంట్లో చాలాసార్లు గీత. ఆ గీతే మార్కులు పోగొడుతోంది. తేదీలు అందరికీ వస్తాయి. ఏది దేనివల్ల జరిగిందో అడిగితేనే తడబాటు.

ఆంధ్ర రాష్ట్రం సంగతే చూద్దాం. అమ్ముడయ్యే షీట్లలో సాధారణంగా ఉండే వరుస ఇది: 1952 పొట్టి శ్రీరాములు మరణం, 1953 రాష్ట్ర ఏర్పాటు. కారణం: ఆమరణ దీక్ష. అంతే. మరి రాజధాని కర్నూలు ఎందుకయింది, హైకోర్టు గుంటూరుకు ఎందుకొచ్చింది అని ప్రశ్నపత్రం అడిగితే ఈ షీటులో సమాధానం లేదు. దానికి పదహారేళ్లు వెనక్కి వెళ్లాలి.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్నారు. ప్రత్యేక రాష్ట్రం వస్తే కోస్తా పెత్తనం సాగుతుందేమోనన్న సీమ భయం దానికి కారణం. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో ముందుగా కోరుకునే హక్కు రాయలసీమకు ఇచ్చారు. ఆ ఏడాదికి ఫలితం ఏమీ లేదు, నిజమే. కానీ 1953లో సీమ రాజధానిని కోరుకుంది, కర్నూలు రాజధాని అయింది. 1954 జులైలో హైకోర్టు గుంటూరులో మొదలైంది. కాబట్టి 1937 వరుసలో ఫలితం గడిలో గీత పెట్టకూడదు, ‘1953, 1954 చూడు’ అని రాసుకోవాలి.

దీక్ష విషయంలోనూ ఇలాగే ఒక మెట్టు ఎగిరిపోతుంది. శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న కన్నుమూశారు. 58 రోజులు అన్నది బట్టీ పట్టక్కర్లేదు, లెక్కేసుకోవచ్చు: అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15. తెలుగు జిల్లాల్లో అల్లర్లు చెలరేగాయి, రైళ్లు ఆగాయి, కాల్పులు జరిగాయి. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, నెహ్రూ రాష్ట్రాన్ని ప్రకటించారు. ప్రకటనకు తక్షణ కారణం మరణమూ దాని వెంట వచ్చిన అల్లర్లూ. మూలకారణం అంతకు చాలా ముందుది: 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ నుంచీ నలుగుతున్న కోరిక. ఈ రెండూ ఒకే గడిలో కలిపేస్తే ‘తక్షణ కారణం’ అని అడిగే ప్రశ్న దగ్గర దొరికిపోతారు. మద్రాసు నగరం లేకుండా రాష్ట్రం అన్న షరతు కూడా ఆ ప్రకటనలోనే ఉంది. అది రాసుకోకపోతే కర్నూలు సంగతి మళ్లీ సగమే అర్థమవుతుంది.

సరిదిద్దిన పట్టిక ఇలా ఉంటుంది:

| తేదీ | సంఘటన | కారణం | ఫలితం |
|---|---|---|---|
| 16-11-1937 | శ్రీబాగ్ ఒడంబడిక | కోస్తా పెత్తనంపై సీమ భయం | 1953 రాజధాని, 1954 హైకోర్టు |
| 15-12-1952 | శ్రీరాములు మరణం | రాష్ట్రం కోసం 58 రోజుల దీక్ష | అల్లర్లు. 19న ప్రకటన |
| 1-10-1953 | ఆంధ్ర రాష్ట్రం | 19-12-1952 ప్రకటన | కర్నూలు రాజధాని; ముఖ్యమంత్రి ప్రకాశం |
| 1-11-1956 | ఆంధ్రప్రదేశ్ | ఫజల్ అలీ కమిషన్ తర్వాతి చర్చలు, పెద్దమనుషుల ఒప్పందం | తెలంగాణతో కలయిక. రాజధాని, హైకోర్టు హైదరాబాదుకు |

చివరి వరుస చూడండి. కర్నూలు మూడేళ్లు దాటగానే, గుంటూరు మూడేళ్లు తిరక్కుండానే తమకొచ్చినవి పోగొట్టుకున్నాయి. మొదటి వరుసలోని భయం ఇక్కడ తీరలేదు. తర్వాతి కాలపు సీమ ఉద్యమాల వరుసలు రాసేటప్పుడు ఈ గడికే తిరిగి రావాల్సి ఉంటుంది.

షీట్లలో ఇంకో తప్పు కూడా కనిపిస్తుంది, ‘దేశంలో తొలి భాషా రాష్ట్రం’ అని. ఒడిశా 1936లోనే భాష ఆధారంగా ఏర్పడింది. ‘స్వాతంత్ర్యం తర్వాత తొలి’ అని ఉంటేనే సరి. ఆప్షన్లలో ఆ రెండు మాటలూ ఉన్నాయో లేవో చూసుకోండి.

మన ఊరి పిల్లలు మరీ ఎక్కువగా పడే గుంట మరొకటుంది. 1953 నాటికి ప్రకాశం జిల్లా లేదు. పొదిలి అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరి 2న వచ్చింది, ప్రకాశం పేరు 1972లో పెట్టారు. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయిన ఏడాదికీ ఆయన పేరిట జిల్లా ఏర్పడ్డ ఏడాదికీ మధ్య దాదాపు రెండు దశాబ్దాలు ఉన్నాయి.

ఇంటికెళ్లి షీటు తీయండి. తేదీల గడి చేత్తో మూసి, ఫలితం గడి ఒక్కటే చదివి సంఘటన చెప్పడానికి ప్రయత్నించండి. చెప్పలేకపోయిన వరుస దగ్గర ఆగి, దాని కారణం ఏ పాత వరుసలో ఉందో వెతికి బాణం గుర్తు గీయండి.