నౌకరీ పోయిందని చెప్పండి, షికాయత్ మాత్రం వద్దు

మన ఇళ్ళల్లో ఎవరి నౌకరీ పోయినా ఆ మాట గడప దాటదు. "మావాడే మానేశాడు, ఇంకా మంచిది చూస్తున్నాడు" అని ఖాలాకీ ఫుప్పూకీ చెప్తాం. రిష్తా మాటలు నడుస్తుంటే ఇంకా ఎహ్‌తియాత్. ఇజ్జత్ కోసం మనం చెప్పే ఈ ఝూట్‌ని రోజూ విన్న పిల్లాడు ఇంటర్వ్యూలోనూ అదే చెప్తాడు. అక్కడే పని ఖరాబ్ అవుతుందని నా రాయ్.

మా ఆపా కొడుకు సంగతే తీసుకోండి. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్ళు టెస్టింగ్ చేశాడు. క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేస్తే పద్నాలుగు మంది టీం మొత్తాన్నీ తీసేశారు. తీసేసినట్టు కాగితం ఇవ్వలేదు. ఒక్కొక్కరినీ పిలిచి రాజీనామా మెయిల్ పెట్టమన్నారు. రిలీవింగ్ లెటర్‌లో రాజీనామా అనే ఉంది. మన పిల్లల్లో చాలామంది చిక్కుకునేది ఇక్కడే. లెటర్‌లో ఒకటి, జరిగింది ఇంకొకటి. ఏది చెప్పాలి?

మొదటి ఇంటర్వ్యూలో వాడు "ఎదుగుదల కోసం మానేశాను" అన్నాడు. "చేతిలో ఇంకో ఆఫర్ లేకుండానా?" అన్నది వెంటనే వచ్చిన సవాల్. జవాబ్ లేదు. రెండో చోట అంతా కక్కేశాడు. మేనేజర్ పక్షపాతం, ఏడేళ్ళ మెహనత్, ఫ్లాట్ ఈఎంఐ, అన్నీ.

సహాఫీగా ఇరవై ఏళ్ళుగా నా పని జనాన్ని సవాళ్ళు అడగడమే. ఒక్క వైపు షికాయత్ వింటే అందులో సచ్ ఎంతో అవతలివాడికి తెలియదు. రేపు మన గురించి కూడా ఇలాగే చెప్తాడని మాత్రం అనిపిస్తుంది. బాధ నిజమే అయినా ఆ గదిలో దాన్ని తూచే తరాజూ లేదు.

మూడో ఇంటర్వ్యూకి ముందు మామూ భాంజా కూర్చుని జవాబ్ ఇలా తయారుచేశాం:

"ఏప్రిల్‌లో క్లయింట్ ప్రాజెక్ట్ ఆపేశారు. పద్నాలుగు మంది ఉన్న మా టీం మొత్తాన్నీ కంపెనీ తీసేసింది. అందరినీ రాజీనామా పెట్టమన్నారు, అందుకే లెటర్‌లో అలా ఉంటుంది. చివరి మూడు వారాలు టెస్ట్ కేసులన్నీ క్లయింట్ మనుషులకు అప్పజెప్పాను. అక్కడ పాత ఫీచర్లన్నీ చేత్తో మళ్ళీ టెస్ట్ చేయడానికి రెండు రోజులు పట్టేది. అందుకే ఈ మధ్య సెలీనియం నేర్చుకుని ఒక చిన్న ప్రాజెక్ట్ చేశాను. మీకు పేమెంట్స్ యాప్‌కి ఆటోమేషన్ కావాలి. నేను ఏడేళ్ళూ బ్యాంకింగ్ యాప్‌ల మీదే పని చేశాను."

అంతే, ఒక నిమిషం. తర్వాత ఖామోష్.

ఇందులో పద్నాలుగు అనే లెక్క చాలా పని చేస్తుంది. ఇది ఒక్కడి కసూర్ కాదని అదే చెప్తుంది, సఫాయీ ఇచ్చుకోనక్కర్లేదు. రాజీనామా సంగతి మనమే ముందు చెప్పేస్తే కాగితం చూసినప్పుడు ఎవరికీ షక్ రాదు. మిగతా సగం రేపటి పని గురించి, అదీ వాళ్ళ ప్రకటనలో ఉన్న పని గురించి. పాత చోట చూసిన ఇబ్బందే కొత్తది నేర్చుకోవడానికి వజహ్ అయింది కాబట్టి కథ దానంతటదే ముందుకు నడుస్తుంది.

దీనికీ హద్దు ఉంది. టీంలో మీ ఒక్కరినే తీసేస్తే టీం మొత్తం అని చెప్పకండి. "నా పోస్టు తీసేశారు" అనండి. పని బాగాలేదని తీసేస్తే అది లేఆఫ్ కాదు, దాని జవాబ్ వేరే. తారీఖులు కూడా సాగదీయకండి. చేరిన రోజు, వదిలిన రోజు పీఎఫ్ రికార్డులో ఉంటాయి. ఆఫర్ ఇచ్చాక కూడా కంపెనీలు వాటిని తనిఖీ చేయిస్తాయి. పాత మేనేజర్ పేరు రెఫరెన్స్‌గా ఇస్తుంటే మీరు ఏం చెప్తున్నారో ఆయనకి ముందే ఖబర్ చేయండి.

జవాబ్ కుదిరిందో లేదో తర్వాతి సవాల్ చెప్తుంది. పాత కంపెనీ గురించే మళ్ళీ అడిగితే మన మాట ఇంకా వెనకే ఉన్నట్టు. మావాణ్ణి ఈసారి సెలీనియం గురించి ఇరవై నిమిషాలు అడిగారు. రెండో రౌండుకి పిలిచారు. ఇంట్లో రిహార్సల్ చేసేటప్పుడు "వాళ్ళు" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. రెండు దాటితే అది షికాయతే.

మరి గుస్సా ఏం చేయాలి? ఐదేళ్ళు పూర్తయితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ మీ హక్. బాకీ ఉంటే కంపెనీకి రాతలో అడగండి, ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకి వెళ్ళండి. మిగతా గుస్సా వినాల్సింది ఇంట్లోవాళ్ళు. పిల్లాడు అమ్మీ అబ్బాతో "నన్ను తీసేశారు" అని ఖుల్లంఖుల్లా చెప్పగలిగితే బయటివాళ్ళ ముందు ఆ మాట అనడానికి జబాన్ తడబడదు. ఖాలా అడిగినప్పుడు మనమూ అదే చెప్పాలి. ఎక్కడైనా ఖాళీ ఉందని ఖబర్ ఇవ్వగలిగేది కూడా ఆ ఖాలా కొడుకే కదా!