ముందు ఫైలింగ్.. తర్వాతే ప్రదర్శన!

కాలేజీల్లో ప్రాజెక్టు ఎక్స్‌పోల సీజన్ వచ్చిందంటే 'మా ఐడియాకు పేటెంట్ తీసుకుంటాం' అనే మాట స్టాళ్ల దగ్గర వినిపిస్తూ ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. యంత్రాన్ని విప్పి అందరికీ చూపించాక పేటెంట్ కోసం వెళ్తే, చాలాసార్లు ఆ తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. పేటెంట్, ట్రేడ్‌మార్క్, కాపీరైట్, ట్రేడ్ సీక్రెట్.. ఈ నాలుగింటి నిర్వచనాలు పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి. వ్యాపారంలో పనికొచ్చేది మాత్రం ఏది ఎప్పుడు చేయాలో తెలియడమేనని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు దగ్గర ముగ్గురు బీటెక్ విద్యార్థులు మిరపకాయలు ఆరబెట్టే చిన్న యంత్రం తయారుచేశారనుకోండి. వేడి గాలిని ఒకసారి కింది నుంచి, ఒకసారి పక్కల నుంచి మార్చి మార్చి పంపే ఏర్పాటు దాని కొత్తదనం. దాన్ని నడపడానికి ఓ యాప్ రాశారు. ఓ పేరు, లోగో అనుకున్నారు.

గాలి తిప్పే ఏర్పాటుకు కావాల్సింది పేటెంట్. దరఖాస్తు తేదీకి ముందు ఆ ఆవిష్కరణ బయటకు తెలిసి ఉండకూడదన్నది మూల సూత్రం. 'ప్రదర్శించినా ఏడాది గడువు ఉంటుందట కదా' అని కొందరంటారు. ఆ వెసులుబాటు ప్రధానంగా కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకు, శాస్త్రీయ సంఘాల ముందు చదివిన పత్రాలకు. మీ కాలేజీ టెక్‌ఫెస్ట్‌కు అది వర్తిస్తుందని అనుకోవద్దు. యూట్యూబ్‌లో డెమో పెట్టినా అంతే.

అందుకే ఎక్స్‌పోకు ముందే ప్రొవిజనల్ దరఖాస్తు వేయాలి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్ ఫైలింగ్ ఫీజు రూ.1,600. ఆ తేదీ మీదవుతుంది. 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. ఇంకో మాట: ప్రొవిజనల్‌లో రాయని అంశానికి ఆ తేదీ వర్తించదు. కాబట్టి రెండు లైన్లతో సరిపెట్టకుండా బొమ్మలతో సహా వివరంగా రాయండి. పేటెంట్ వస్తే ఫైలింగ్ తేదీ నుంచి 20 ఏళ్లు హక్కు. ఇంతకీ దరఖాస్తు ఎవరి పేరుతో వేయాలి? కాలేజీ ల్యాబ్, నిధులు వాడి ఉంటే అక్కడి ఐపీ పాలసీ ఏమంటుందో ముందే చదవండి.

యాప్ సంగతి వేరు. మన చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ప్రోగ్రామ్‌గా పేటెంట్ లేదు. కోడ్ రాసిన క్షణమే కాపీరైట్ దానంతటదే వస్తుంది. అయితే అది మీరు రాసిన కోడ్‌కే రక్షణ. అదే పనిచేసే యాప్‌ను వేరొకరు సొంతంగా రాసుకుంటే ఆపలేరు. ఎక్కువమంది దెబ్బతినేది లోగో దగ్గర. ఫ్రీలాన్సర్‌కు డబ్బులిచ్చి లోగో గీయించుకుంటే అది మనదే అనుకుంటారు. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోకపోతే ఆ బొమ్మ మీద కాపీరైట్ గీసినవారి దగ్గరే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆ పత్రంలో కాలం, ప్రాంతం కూడా రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారత్ వరకే అని చట్టం అనుకుంటుంది.

పేరుకు ట్రేడ్‌మార్క్. 'మిర్చి డ్రయ్యర్' అని పెడితే రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. అది వస్తువేమిటో చెప్పే మాట, మీ ఒక్కరిదీ కాదు. 'గుంటూరు సన్నం' అంటారా, అది ఇప్పటికే భౌగోళిక గుర్తింపు ఉన్న మిరప పేరు. వస్తువుతో సంబంధం లేని కొత్త మాట ఎంచుకుని, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో అలాంటి పేరు ఉందేమో వెతికి, ఆ తర్వాతే బోర్డు రాయించండి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఒక్కో క్లాస్‌కు ఆన్‌లైన్ ఫీజు రూ.4,500. పదేళ్లకోసారి రెన్యూ చేసుకుంటూ పోవచ్చు.

ఇక ట్రేడ్ సీక్రెట్. పేటెంట్ అడిగితే, మీకు తెలిసిన ఉత్తమ పద్ధతిని స్పెసిఫికేషన్‌లో రాసి తీరాలి. సగం చెప్పి సగం దాచడం కుదరదు. అందుకే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: యంత్రం కొన్నవాడు విప్పి చూస్తే తెలిసిపోతుందా? తెలిసిపోయేదైతే పేటెంట్‌కు వెళ్లండి. గాలి ఏర్పాటు అలాంటిదే. ఫైలింగ్ తర్వాత రైతుల దగ్గర నేర్చుకున్న లెక్కలు, ధరల వివరాలు లాంటివి యంత్రం విప్పినా కనపడవు. వాటిని రహస్యంగా ఉంచుకోవచ్చు. మనకు దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఒప్పందాలే ఆధారం. పార్ట్‌నర్లు, ఇంటర్న్‌లు పనిలో చేరిన రోజే గోప్యతా ఒప్పందంపై సంతకం చేయాలి. ఆ లెక్కల ఫైలు అందరి వాట్సాప్ గ్రూప్‌లో ఉంటే, అది రహస్యమని ఏ కోర్టునూ నమ్మించడం కష్టం.

ఆ ముగ్గురి స్థానంలో మీరుంటే వరస ఇదీ: సంతకాలు, ప్రొవిజనల్ దరఖాస్తు, పేరు వెతుకులాట, లోగో బదిలీ పత్రం. స్టాల్ బుక్ చేసుకోవడం ఆ తర్వాతే.