ఖాళీ గడిలో ఎవరున్నారు?

ఇకనుంచి క్లాసు షీట్లలో వేసిన హాజరుతో రోజూ సాయంత్రం డాష్‌బోర్డు దానంతటదే మారుతుందని కోఆర్డినేటర్ సార్ టీచర్లకు ఉత్తరం రాశారు. రాత పని తగ్గుద్ది, మంచిదే. నా భయమల్లా ఖాళీ గడి గురించి.

```
=COUNTIF(C2:C41,"P")
```

ఇది వచ్చినోళ్లను లెక్కపెడుతుంది. P బదులు A పెడితే రానోళ్లను. ఏమీ రాయని గడిని రెండూ వదిలేస్తాయి.

క్లాసులో 40 మంది అనుకోండి. P 31, A 3. సంక్రాంతికి ఇంటికెళ్లి, అమ్మానాన్నలతో మిరప కోతలకు పోయిన ఆరుగురి గడులు ఖాళీ. 31ని P, A కలిపిన 34తో భాగిస్తే 91 శాతం వస్తుంది. పేర్లున్న 40తో భాగిస్తే 77న్నరే. పై ఆఫీసులో 91 కనబడితే ఆ ఆరుగురి కోసం మిరప చేలకు ఎవరు పోతారు?

అందుకే 40తోనే భాగించాలి. P, A కలిపి 40 రాకపోతే ఆ క్లాసు డాష్‌బోర్డులో ఎర్రగా కనబడాలి.