పదిహేను వేలలో ఇంటి రూపు: ముందు ఏ గోడ?

ఇంట్లో వలీమా విందు నిశ్చయమైనప్పుడో, పండుగ దగ్గరపడినప్పుడో ఇంటికి కాస్త కొత్త రూపు తేవాలన్న ఆలోచన ప్రతి కుటుంబంలోనూ కలుగుతుంది. చేతిలో ఉన్న సొమ్ము ఒక్క పనికి సరిపడా ఉంటుంది, చేయాలనుకునే పనులు మాత్రం పది ఉంటాయి. అప్పుడు చాలామంది ఆ సొమ్మును పది పనులకూ తలా కొంచెం పంచుతారు. అన్ని గదులకూ ఒక్కొక్క కోటు రంగు, నాలుగు కొత్త కర్టెన్లు, సోఫాకు ఒక కవరు, గోడకు ఒక అలంకారపు వస్తువు కొంటారు. డబ్బు అయిపోతుంది, వచ్చినవారికి మాత్రం ఇల్లు మారినట్టు తోచదు. ఈ నెల మేము ఈ విషయాన్నే తీసుకొన్నాం. ఏ మార్పు కంటికి ముందుగా ఆనుతుందో, దాన్ని ఎలా గుర్తించాలో, ఏ వరుసలో ఖర్చు పెట్టాలో చూద్దాం.

లెక్క స్పష్టంగా ఉండడానికి నర్సీపట్నంలోని ఒక సాధారణమైన ఇంటిని ఊహించుకొందాం. స్లాబు ఇల్లు, కట్టి పాతికేళ్లు దాటింది. వీధివైపు ఇరవై అడుగుల గోడ, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న వీధి గది, దాని వెనుక లోపలి గది, ఆపైన వంటిల్లు. ఇంటివారి వద్ద పదిహేను వేల రూపాయలున్నాయి, విందుకు నెలన్నర గడువుంది.

మొదటి పనికి ఖర్చు లేదు. ఇంటి యజమాని తన ఇంటిని తాను చూడలేడు, ఎందుకంటే రోజూ చూసే మరకకు కన్ను అలవాటు పడిపోతుంది. కాబట్టి మూడు చోట్ల నిలబడి ఫోనుతో మూడు ఫొటోలు తీయండి. ఒకటి వీధిలోనుంచి, ఒకటి వీధి గది గడపమీదనుంచి, ఒకటి లోపలి గది గడపమీదనుంచి. మూడోది మన ఇళ్లలో తప్పనిసరి. మగవారు వీధి గదిలో కూర్చుంటే, ఆడవారు లోపలి గదిలో కూర్చుంటారు. వీధి గదిని మాత్రమే అలంకరిస్తే వచ్చిన అతిథుల్లో సగంమంది దాన్ని దాటి వెళ్తారే కాని అక్కడ కూర్చోరు. మరొక ఫొటో నేలమీద కూర్చొని తీయండి. చాప లేదా జంపఖానా మీద కూర్చున్నవారి కన్ను నేలకు రెండున్నర, మూడు అడుగుల ఎత్తులో ఉంటుంది. గోడకు చెమ్మ ఎక్కేది, పిల్లల చేతులు తగిలేది, ఆనుకొని కూర్చున్నవారి తలనూనె అంటేది దాదాపు ఆ ఎత్తులోనే.

ఆ ఫొటోలను మరునాడు తీరిగ్గా చూడండి. కన్ను మొదట ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టండి. అది సాధారణంగా రెండింటిలో ఒకటవుతుంది: అన్నిటికన్నా పెద్దదిగా కనిపించే గోడ, లేదా ఆ గోడమీద ఉన్న మచ్చ. కర్టెన్ మీదా, బల్లమీదా కన్ను మొదట ఆగడం అరుదు. పది అడుగుల గోడ నూరు చదరపు అడుగులుంటుంది, దానిముందు రెండడుగుల పటం నాలుగు చదరపు అడుగులే. అందుకే పెద్ద గోడ బాగుపడితే గది మారినట్టు అనిపిస్తుంది, పటం మారితే పటం మాత్రమే మారినట్టు ఉంటుంది. ఫొటోలో చిందరవందరగా కనిపించిన అట్టపెట్టెలు, మేకులకు వేలాడే సంచులు, పాత క్యాలెండర్లు ముందుగా తీసివేయండి. ఆ తరువాత మిగిలిన లోపాలకే డబ్బు కేటాయించాలి.

ఇక మచ్చ సంగతి. గోడమీద చెమ్మ ఉంటే మొదటి రూపాయి దాని కారణం మీదనే వెళ్లాలి. మచ్చ ఎక్కడుందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. పైకప్పు అంచున ఉంటే స్లాబుమీద నీరు నిలుస్తోందని, తూము పూడిపోయిందని అనుమానించాలి. స్నానాల గది పక్క గోడమీద ఉంటే పైపు కారుతుండవచ్చు. నేలనుంచి మూడడుగుల వరకు పట్టీలా ఉండి, తెల్లని పొడి రాలుతుంటే నేలలోని నీరు ఉప్పును మోసుకొని పైకి ఎక్కుతోందని అర్థం. సందేహం ఉంటే అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు, అంటే గోడవైపు, నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోనే ఉంది. బయటివైపు కనిపిస్తే అది గది గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే తగ్గుతుంది.

చెమ్మ ఆరకుండా రంగు వేస్తే కొద్ది వారాల్లోనే అది బుడగలెత్తి పెచ్చులుగా ఊడుతుంది. మరక కనబడకుండా ఆయిల్ పెయింట్ వేయడమో, ప్లాస్టిక్ షీటు అంటించడమో మరింత చేటు. బయటికి పోయే దారి మూసుకుపోయిన నీరు గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది. నేలనుంచి ఎక్కే చెమ్మకు పూర్తి చికిత్స పెద్ద పని, పదిహేను వేలలో తేలదు. పాత ప్లాస్టరింగు కొట్టి కొత్తది చేస్తే రంగు వేయడానికి దాదాపు నాలుగు వారాలు ఆగాలి. కాబట్టి అటువంటి పట్టీ ఉంటే ఈ విడతకు పొడిని ఎండు బ్రష్‌తో దులిపి, ఆ భాగానికి సున్నమే వేయించండి. సున్నం గోడను ఊపిరాడనిస్తుంది. ఉప్పును నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

మనం తీసుకొన్న ఇంట్లో మచ్చ పైకప్పు అంచున ఉంది, తూము పూడిపోయింది, దాని చుట్టూ స్లాబు బీటలు వారింది. తాపీ మేస్త్రీ కూలి, సామగ్రి కలిపి 2,500 రూపాయలు. ఈ పని ఫొటోలో కనబడదు, కాని ఇది లేకపోతే తక్కిన ఖర్చంతా వృథా. తరువాత రెండు వారాలు గోడను ఆరనివ్వాలి.

రెండో ఖర్చు రంగు. ఇల్లంతా ఒక్కొక్క కోటు వేయడంకన్నా కనిపించే గోడలకు రెండు కోట్లు పూర్తిగా వేయడం మేలు. ఒక్క కోటు కింద పాత రంగు మసగ్గా కనిపిస్తూ ఉంటుంది. ఈ ఇంట్లో వీధి గోడ తలుపు, కిటికీ పోగా 160 చదరపు అడుగులు. వీధి గది నాలుగు గోడలు 380, పైకప్పు 120. లోపలి గదిలో గడపకు ఎదురుగా కనిపించే ఒక్క గోడ 100. లోపల మొత్తం 600 చదరపు అడుగులు. పాత గోడకు లీటరు రంగు రెండు కోట్లకు 60 చదరపు అడుగులు వస్తుందని లెక్కవేస్తే పది లీటర్లు కావాలి. డబ్బామీద రాసి ఉండే లెక్క నున్నని గోడకు చెందినది, పాత గోడ అంతకన్నా ఎక్కువ తాగుతుంది.

రంగు నిలుస్తుందో లేదో ముందే తెలుసుకోవచ్చు. అరచేతితో గోడను రుద్దండి. తెల్లగా పొడి అంటితే అది వదులైన పాత సున్నం. దానిమీద వేసిన రంగు దానితోపాటే పొరలుగా లేచిపోతుంది. గీకి, దులిపి, ప్రైమర్ వేసిన తరువాతే రంగు వేయాలి. తలనూనె మరకను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే అది రెండు కోట్లకింద నుంచి కూడా పసుపుగా బయటపడుతుంది. గుంటలున్నచోట మాత్రమే పలుచగా లప్పం పెట్టించి, ఉప్పు కాగితంతో రుద్దించండి. గోడంతా లప్పం ఈ బడ్జెట్‌కు మించిన పని. రంగు ఎంచుకొనేటప్పుడు చిన్న కార్డు చూసి నిర్ణయించక, గోడమీద రెండడుగుల మేర వేయించి పగలు ఒకసారి, దీపం వెలుగులో ఒకసారి చూడండి.

మూడోది వెలుగు. పన్నెండు అడుగుల గదిలో ఒకే తొమ్మిది వాట్ల బల్బు వెలిగితే కొత్త రంగు కూడా మాసినట్టే కనిపిస్తుంది. ఇరవై వాట్ల ఎల్ఈడీ ట్యూబు దానికి రెట్టింపుకు పైగా వెలుగిస్తుంది. వీధి గదికొకటి, లోపలి గదికొకటి పెట్టించండి. ఒకే గదిలో తెల్లని దీపం, పసుపుపచ్చని దీపం కలపకండి. గోడ ఒకచోట నీలంగా, మరొకచోట పసుపుగా కనిపించి రంగు సరిగా వేయనట్టు ఉంటుంది. ఎగుడుదిగుడులున్న గోడకే ట్యూబును అంటించి బిగిస్తే వెలుగు ఏటవాలుగా పడి ప్రతి గుంటా నీడ వేస్తుంది. దాన్ని ఎదుటి గోడకు మార్చితే ఆ గోడే నున్నగా కనిపిస్తుంది.

నాలుగోది వీధి తలుపు. ప్రతి అతిథీ దాని ఎదుట ఒక్క క్షణమైనా ఆగుతాడు. ఒక తలుపు, దాని గుమ్మం ఎనామిల్ పెయింట్‌తో నిగనిగలాడితే వీధి గోడ మొత్తానికీ అందం వస్తుంది.

ఇప్పుడు లెక్క కూడదాం. తూము, స్లాబు మరమ్మతు 2,500. వీధి గోడకు ప్రైమర్, బయటి రంగు 1,800. లోపలి రంగు, అవసరమైనచోట ప్రైమర్ 2,200. లప్పం, ఉప్పు కాగితం, బ్రష్షులు 600. పెయింటరుకు, సహాయకునికి మూడు రోజుల కూలి 4,800. తలుపు రంగు 600. రెండు ట్యూబులు, బిగింపు కూలి 1,100. మొత్తం 13,600 రూపాయలు. మిగిలిన 1,400 ముట్టుకోకుండా ఉంచండి. గోడ గీకినప్పుడు కింద ఏముందో ఎవరూ ముందే చెప్పలేరు. ఈ ధరలు లెక్క విధానం చూపడానికి మేము వేసుకొన్నవి, మీ దుకాణంలో అడిగి మార్చుకోండి. కూలి అన్నిటికన్నా పెద్ద పద్దు కాబట్టి గీకడం, కడగడం, సామాను జరపడం ఇంటివారే చేస్తే మిగులు అక్కడే దొరుకుతుంది.

ఈ లెక్కలో కర్టెన్లు, సోఫా కవరు, వంటింటి రంగు లేవు. ఉన్న కర్టెన్లను ఉతికి ఇస్త్రీ చేస్తే చాలు. వంటింటి గోడ అతిథి చూసేది కాదు, అది వచ్చే ఏటికి ఆగగలదు.

చివరిగా కాలం మాట. మన పండుగలు చాంద్రమానాన్ని అనుసరించి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2016లో రంజాన్ పండుగ జూలై వానల్లో వచ్చింది, 2025లో మార్చి 31న ఎండలో వచ్చింది. వానల్లో పండుగ వచ్చే ఏడు పండుగకు ముందు వారంలో రంగు వేయించడం పొరపాటు. ఆ ఏడు స్లాబు పని, బయటి గోడ పని వేసవిలోనే ముగించి, లోపలి గోడలను మాత్రం వాన తెరిపిచ్చిన రోజుల్లో, కిటికీలు తెరిచి, రెండు కోట్లకూ మధ్య డబ్బామీద చెప్పినదానికన్నా ఎక్కువ వ్యవధి ఇచ్చి వేయించుకోవాలి. ఈసారి వానకు ఎక్కడ చెమ్మ ఎక్కిందో పెన్సిలుతో గోడమీదే గీత గీసి తేదీ రాసి ఉంచండి. వచ్చే వానకు అది గీత దాటిందో, దాటలేదో చూస్తే మరుసటి ఏటి మొదటి ఖర్చు ఏమిటో మీకే తెలుస్తుంది.