పాత బూటుకు ఫొటో సాక్ష్యం

వాడిన ఎయిర్ జోర్డాన్ 1 జతకు వేలు పోసే ముందు, అది అసలుదో నకిలీదో దూరాన ఉన్న నిపుణుడు తేల్చాలి. అందుకు అందమైన ఫొటో పనికిరాదు.

ముందుగా బూటు లోపలి సైజు లేబుల్‌ను, రెండు కాళ్లదీ విడివిడిగా, అక్షరాలు చదవగలిగేలా తీయాలి. 2015లో వచ్చిన ‘చికాగో’ రకమైతే 555088-101 అని ఉండాలి, డబ్బా మీదా అదే ఉండాలి. తేడా ఉంటే జత నకిలీ కావచ్చు, డబ్బా మారి ఉండవచ్చు. కలిసినంత మాత్రాన అసలుదని కాదు. అంకెలను నకిలీవాళ్లూ దించేస్తారు.

అందుకే రెండో ఫొటో ఇన్‌సోల్ ఎత్తి, కింది కుట్టుది. పైభాగం అరిగినా ఆ కుట్టు పెద్దగా మారదు. జిగురు వదలకపోతే మాత్రం బలవంతంగా లాగొద్దు.

మూడోది మడమ, వెనక నుంచి, నేలమట్టంలో. అసలు జతలో అది మధ్యలో సన్నబడుతుంది. నలిగిన బూటు మోసగిస్తుంది కాబట్టి ముందే కాగితాలు కుక్కాలి. దగ్గర నుంచి తీస్తే ఆకారం సాగుతుంది, రెండడుగుల దూరంలో నిలబడి జూమ్ చేయాలి. పగటి వెలుగు చాలు, ఫ్లాష్ వద్దు.

చివరగా పేరు, తేదీ రాసిన చీటీతో జత ఫొటో. బొమ్మలు అరువు తెచ్చినవి కావనడానికి అదే ఆధారం. వాసన మాత్రం ఏ ఫొటోకూ అందదు.