ముదిరింది జబ్బు కాదు

మొన్న మా మేనకోడలు ఫోన్లో ఏడ్చేసింది. "జబ్బు ముదిరిపోయింది మావయ్యా, ఇప్పుడు మడమలు నేలకు ఆనించడమే లేదు" అంది. పిల్లాడికి 4 ఏళ్లు. 30వ వారానికే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ అని తేల్చిన డాక్టరు దాని తెలుగు పేరు 'మస్తిష్క పక్షవాతం' అని చెప్పి పంపించేశాడట. నాకు మండేది ఆ మాటతోనే. మన ఇళ్లలో పక్షవాతం అంటే తాతగారికి వచ్చిందే. మళ్లీ వస్తుందేమో, ఇంకో చెయ్యి కూడా పడిపోతుందేమో అని భయం. ఆ భయమంతా ఇప్పుడు ఈ పిల్లాడి నెత్తిన పడింది.

ఎవరి మెదడులోనైనా నడిమధ్య నీటి గదులుంటాయి. వాటి పక్కనుంచే మెదడు ఆజ్ఞలను వెన్నుపాముకు మోసే తీగలు దిగుతాయి. గర్భం 24 నుంచి 32 వారాల మధ్య ఉన్నప్పుడు అక్కడి కణాలు మరీ లేతవి. రక్తప్రసరణ తగ్గినా, తల్లికి ఇన్ఫెక్షన్ సోకినా దెబ్బతింటాయి. కాళ్లకు వెళ్లే తీగలు ఆ గదులకు మరీ దగ్గర. అందుకే వీడికి చేతులకన్నా కాళ్లే ఎక్కువ బిగుసుకున్నాయి.

గాయం ఒక్కసారే అయింది, మచ్చగా మిగిలింది. పోయిన తీగలు మళ్లీ మొలవవు కాబట్టి లోటు జీవితాంతం ఉంటుంది. మచ్చ మాత్రం పెరగదు. పుట్టగానే ఎందుకు తెలియలేదంటారా? నిలబడాల్సిన వయసు వస్తేగా ఆ తీగలతో పని పడేది!

మరి మడమలెందుకు లేచాయి? కండరం సాగితే వెన్నుపాము దాన్ని బిగించమంటుంది. "చాల్లే" అని ఆపేది మెదడు. ఆపే తీగలు పోయాయి, పిక్క ఎప్పుడూ బిగిసే ఉంటుంది. ఎముక మాత్రం ఏటా పొడుగవుతుంది. బిగిసిన పిక్క దానికి తగ్గట్టు పెరగలేక మడమను పైకి లాగుతుంది. ముదిరింది కండరం, మెదడు కాదు. కండరానికి సాగదీతలు, పట్టీలు, పిండికట్లు, అవసరమైతే ఆపరేషన్ ఉన్నాయి.

ఒక్క మినహాయింపు. వచ్చిన మాటలు మరిచిపోతున్నా, కూర్చునే పిల్లాడు కూర్చోలేకపోతున్నా అది సెరిబ్రల్ పాల్సీయేనా అని మళ్లీ చూడాలి. అలా వెనక్కి తీసుకెళ్లే జబ్బులు వేరే ఉన్నాయి.

అసలు కోపం ఇంకోటి. పిక్కకు జరిగిందే తొడ కండరాలకూ జరుగుతుంది. అవి లాగుతుంటే తుంటి బంతి గిన్నెలోంచి మెల్లగా జారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. నడవలేని పిల్లలకు ఈ ముప్పు మరీ ఎక్కువ. వీడికి ఈ నాలుగేళ్లలో నూనె మర్దనాలయ్యాయి, తాయెత్తులయ్యాయి. స్టెమ్‌సెల్ సూదులతో నడిపిస్తామన్న ప్రకటన చూసి అల్లుడు బంగారం కుదువపెట్టబోయాడు. ఆ సూదులతో నయమవుతుందని రుజువు లేదు. తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడిగితే, "ఎవరూ చెప్పలేదు మావయ్యా" అంది.