ఖాళీ దేగ్ చెప్పే అబద్ధం

మా మొహల్లాలో రోజూ రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు ఖిచిడీ పెట్టే లంగర్‌ఖానా ఉంది. గత నెల అక్కడి కమిటీ ఒక ఫైసలా చేసింది: జుమేరాత్ నాడు 200 ప్లేట్లకు బదులు 190 వండాలని. కారణం అడిగితే సదర్ సాబ్ రిజిస్టర్ తెరిచి చూపించారు. నాలుగు జుమేరాత్‌లు. మూడుసార్లు మిగిలింది సున్నా, ఒకసారి 10 కిలోలు. ప్లేటుకు 400 గ్రాముల లెక్కన ఆ పది కిలోలు 25 ప్లేట్లు. నాలుగు వారాలకు పంచితే వారానికి ఆరు ప్లేట్లు ఎక్కువ వండుతున్నట్టేనట. "ఇస్రాఫ్ మంచిది కాదు కదా భాయ్" అన్నారు.

ఇస్రాఫ్ మంచిది కాదు, నిజమే. కానీ ఈ హిసాబ్ తప్పు. పది కిలోలు మిగిలిన రోజు జోరున వాన పడింది. మిగతా మూడు రోజులూ దేగ్ ఎనిమిదింపావుకే అడుగంటింది. ఆ తర్వాత ముప్పావు గంట పాటు వచ్చినవాళ్లు గేటు దగ్గర నుంచే తిరిగి వెళ్లారు. రిజిస్టర్‌లో వాళ్లకు ఖానాయే లేదు. అందుకే సున్నా మిగిలిందంటే "సరిపోయింది" అనీ కావచ్చు, "చాలలేదు" అనీ కావచ్చు. ఏదో తెలియాలంటే దేగ్ ఎన్నింటికి ఖాళీ అయిందో పక్కనే రాయాలి. మన కమిటీలు మిగిలిందే తూస్తాయి, చాలనిది తూయవు. అందుకే ఇలా రాసుకునే ప్రతి హిసాబూ వంటను తగ్గించమనే చెబుతుంది.

తర్వాతి రెండు జుమేరాత్‌లు ఒక పిల్లాడిని తస్బీహ్‌తో గేటు దగ్గర కూర్చోబెట్టాం. పేరు రాయించుకున్నవాళ్లు 200 మంది. వచ్చింది సుమారు 160, అంటే పదిలో ఎనిమిది. పేరు లేకుండా వచ్చి తిన్నవాళ్లు 40. ఖాళీ దేగ్ చూసి వెళ్లిపోయినవాళ్లు 20. మొత్తం 220. పేర్లు 200, వండింది 200, తిన్నది 200. అందుకే ఎవరికీ షక్ రాలేదు!

అలాగని 250 వండమనడం లేదు. ఔసత్ 220 అయితే కొన్ని రోజులు అంతకు మించి వస్తారు, కొన్ని రోజులు రారు. వండేది 220 ప్లేట్లే. దానికి తోడు బియ్యం, పప్పు కలిపి ఐదు కిలోలు పొడిగానే తూచి పక్కన పెట్టండి. ప్లేటుకు 125 గ్రాముల చొప్పున అది 40 ప్లేట్లు. ఎనిమిదింటికి గేటు లెక్క 150 దాటితే బావర్చీ చాచా రెండో చూల్హా వెలిగిస్తారు, ఎనిమిదిన్నర దాటగానే ఖిచిడీ దిగుతుంది. దాటకపోతే బియ్యం బస్తాలోకే పోతుంది. అందులో ఇస్రాఫ్ ఎక్కడుంది?

రంజాన్‌కు మాత్రం ఈ లెక్క పనికిరాదు. నిరుటి అదే తారీఖు తీసి చూసినా లాభం లేదు, చాంద్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రోజా నంబరుతో పోల్చాలి.

సదర్ సాబ్ ఇంకా 190 మీదే ఉన్నారు. వచ్చే జుమేరాత్ ఎనిమిదింపావుకు గేటు దగ్గర ఆయనకే ఒక కుర్సీ వేస్తున్నాం.